ఈ నవల ఎవరు రాశారు?

2023 ఫిబ్రవరి 20న అమెరికాలోని ‘క్లార్క్స్‌వరల్డ్’ పత్రిక కొత్త కథలు తీసుకోవడం ఆపేసింది. 2006లో మొదలై, సైన్స్ ఫిక్షన్‌లో గొప్ప పేరు తెచ్చుకున్న పత్రిక అది. ప్రపంచంలో ఎక్కడున్నవాళ్లయినా పైసా కట్టకుండా కథ పంపుకోవచ్చు. ఎంపికైతే అప్పట్లో మాటకు 12 సెంట్లు ఇచ్చేవారు. అంటే నాలుగు వేల మాటల కథకు 480 డాలర్లు. ఆ నెలలో అప్పటికి మనుషులు రాసి పంపిన కథలు దాదాపు 700 ఉంటే, చాట్‌జీపీటీ లాంటి వాటితో రాయించి పంపినవి 500 వచ్చాయి. అంతకుముందు నెలలో అలాంటివి వంద పైచిలుకే. చాట్‌జీపీటీ జనంలోకి వచ్చి అప్పటికి మూడు నెలలైనా కాలేదు.

వచ్చిన వాటిలో ఇరవైకి పైగా కథలకు ఒకే పేరు: ‘ది లాస్ట్ హోప్’. పంపినవాళ్లు ఒకరికొకరు తెలియదు. అందరూ ఒకే యంత్రాన్ని దాదాపు ఒకే మాటల్లో అడిగారు, అది అందరికీ ఒకే పేరు ఇచ్చింది. సంపాదకుడు నీల్ క్లార్క్ ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, వీళ్లలో చాలామంది ఆ పత్రిక ముఖం చూసినవాళ్లు కారు, సైన్స్ ఫిక్షన్ చదివే అలవాటున్నవాళ్లూ కారు. ‘ఇంట్లో కూర్చుని డబ్బు సంపాదించండి’ అని యూట్యూబులో చెప్పేవాళ్ల మాట విని, కథలకు డబ్బిచ్చే పత్రికల జాబితా పట్టుకుని వచ్చినవాళ్లు.

క్లార్క్ ముందు కొన్ని సులువైన దారులు ఉన్నాయి. కథకు ఇంత అని రుసుము పెట్టవచ్చు. ఇలాంటివి ఎక్కువగా వస్తున్న దేశాలను అడ్డుకోవచ్చు. పాత పరిచయం ఉన్న రచయితల నుంచే తీసుకోవచ్చు. ఆయన ఈ మూడూ వద్దన్నారు. రుసుము పెడితే పేద దేశాల రచయిత పంపలేడు, దేశాన్నే అడ్డుకుంటే అక్కడి నిజమైన రచయిత బలైపోతాడు, పాతవాళ్లకే పరిమితమైతే కొత్త గొంతు పుట్టదు. చివరికి ఆయన తన కథల స్వీకరణ సాఫ్ట్‌వేర్‌లోనే ఒక జల్లెడ కట్టుకుని మార్చిలో మళ్లీ తెరిచారు. అనుమానం ఉన్న కథను ఆ జల్లెడ పారేయదు, వరసలో వెనక్కి పంపుతుంది. చివరికి మనిషే చూసి తేలుస్తాడు. ఏ గుర్తుల్ని బట్టి వెనక్కి పంపుతున్నారో ఆయన బయటపెట్టలేదు. చెబితే మర్నాటికల్లా ఆ గుర్తులు కనబడకుండా కథలు వస్తాయి కదా.

అది ఒక్క పత్రిక, చదవడానికి మనుషులున్న పత్రిక. అసలు తలుపే లేని చోట ఏం జరుగుతుంది?

స్వీయ ప్రచురణకు పెద్ద అంగడి అమెజాన్ వారి కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్. 2007లో మొదలైంది. రాతప్రతి, అట్టబొమ్మ ఎక్కిస్తే రెండు మూడు రోజుల్లో పుస్తకం అమ్మకానికి వచ్చేస్తుంది. మధ్యలో సంపాదకుడు ఉండడు. ఎందరో మంచి రచయితలకు ఇది నిజంగా వరమైంది. ప్రచురణకర్తల గడప తొక్కలేనివాళ్లు పాఠకుణ్ణి నేరుగా చేరారు. అదే సౌలభ్యం ఇప్పుడు యంత్ర రచనకూ రాచబాట అయింది.

ఇక్కడ డబ్బు ఎలా నడుస్తుందో తెలిస్తేనే మిగతా కథ అర్థమవుతుంది. ‘కిండిల్ అన్‌లిమిటెడ్’ పథకంలో పాఠకుడు నెలకు ఇంత అని కట్టి, అందులో ఉన్న పుస్తకాలు ఎన్నయినా చదువుకుంటాడు. ఆ పథకం కోసం అమెజాన్ నెలనెలా ఒక నిధి కేటాయిస్తుంది. పాఠకులు చదివిన పేజీల లెక్కన దాన్ని రచయితలకు పంచుతుంది. పేజీకి అరసెంటు కన్నా తక్కువ పడుతుంది. పేజీకి 0.4 సెంటు అనుకుంటే, 300 పేజీల నవలను ఒకరు ఆసాంతం చదివితే రచయితకు 1.20 డాలర్లు, అంటే సుమారు వంద రూపాయలు వస్తుంది. నెలకు లక్ష రూపాయలు రావాలంటే వెయ్యి మంది పూర్తిగా చదవాలి. ఏడాదికి ఒకటో రెండో నవలలు రాసే మనిషికి ఇది కొండ ఎక్కడమే. కానీ ఒక్కో పుస్తకానికి పది మంది చాలు, పుస్తకాలు వంద ఉంటే సరి అనుకునేవాడికి లెక్క వేరు. ఆ వందా వారాల్లో తయారు చేసే యంత్రం ఇప్పుడు వాడి చేతిలో ఉంది.

ఈ మోసం యంత్రంతో పుట్టినది కాదనీ చెప్పాలి. 2015 జూలైకి ముందు ఆ పథకంలో పేజీల లెక్క లేదు, పుస్తకం తీసుకుని కొంత చదివితే చాలు, రచయితకు వాటా వచ్చేది. దాంతో పది పేజీల పుస్తకాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. పేజీల లెక్క పెట్టాక, పాత నవలలన్నీ ఒక్క పుస్తకంలో కుక్కి, ‘చివర కానుక ఉంది, ఇక్కడ నొక్కండి’ అని పాఠకుణ్ణి ఒక్క గెంతులో ఆఖరి పేజీకి పంపే పద్ధతి వచ్చింది. డబ్బు ఏ కొలతకు వస్తుందో ఆ కొలతకు తగ్గ సరుకు తయారవుతూనే ఉంది. ఇప్పుడు ఆ తయారీకి ఖర్చు లేకుండా పోయింది, అంతే తేడా.

దీని అసలు రూపం 2023 జూన్‌లో బయటపడింది. సొంతంగా ప్రేమనవలలు ప్రచురించుకునే ఒక రచయిత్రి, అమెజాన్‌లో యువతరం ప్రేమకథల విభాగపు ‘టాప్ వంద’ జాబితా చూసి నిర్ఘాంతపోయారు. ఆమె లెక్క ప్రకారం ఆ వందలో మనుషులు రాసినవని చెప్పదగ్గవి 19 మాత్రమే. మిగతా 81 అర్థం పర్థం లేని పుస్తకాలు. ఒకదాని పేరు ‘ఆప్రికాట్ బార్ కోడ్ ఆర్కిటెక్చర్’. ప్రేమకథకు ఆ పేరేమిటని ఎవరైనా అడుగుతారు. అడిగే పాఠకుడు ఆ పుస్తకానికి అక్కర్లేదన్నదే అసలు సంగతి. సంఖ్యలను బట్టి చూస్తే వాటి పేజీలు తిప్పింది మనుషులు కాదు, ఆ పని కోసమే నడిపే బాట్ ఖాతాలు. రాసిందీ యంత్రమే, చదివిందీ యంత్రమే. డబ్బు మాత్రం నిజమైనది, అది పంచేదీ అందరికీ కలిపి పెట్టిన నిధి నుంచే. అంటే ఆ పేజీలకు వెళ్లిన ప్రతి సెంటూ నిజంగా రాసినవారి వాటాలోంచి పోయినదే. జాబితాలో చోటు పోవడం రెండో నష్టం, ఎందుకంటే కొత్త రచయితను పాఠకుడు చూసేది అక్కడే. ఈ సంగతి వార్తల్లోకి వచ్చాక ఆ పుస్తకాలు జాబితా నుంచి మాయమయ్యాయి.

అదే ఏడాది ఆగస్టులో ఇంకో దారుణం. ప్రచురణ రంగం గురించి ఎన్నో ఏళ్లుగా రాస్తున్న జేన్ ఫ్రీడ్‌మన్ పేరు మీద, ఆమె రాయని పుస్తకాలు అరడజను దాకా అమెజాన్‌లో కనిపించాయి. వాటిని ఆమె దృష్టికి తెచ్చింది ఆమె పాఠకులే. తీసేయమని అడిగితే, మీ పేరుకు ట్రేడ్‌మార్కు ఉందా అన్న ప్రశ్న ఎదురైంది. ఆమె బహిరంగంగా రాశాక, అది పెద్ద చర్చ అయ్యాక గానీ అవి పోలేదు. సొంత పేరు తనదేనని ఒక రచయిత్రి నిరూపించుకోవలసి రావడం కన్నా అన్యాయం ఏముంటుంది?

ఆ సెప్టెంబరులో అమెజాన్ రెండు నిబంధనలు తెచ్చింది. పుస్తకంలో పాఠం గానీ, బొమ్మలు గానీ, అనువాదం గానీ ఏఐతో తయారు చేసి ఉంటే ఎక్కించేటప్పుడు ఆ మాట చెప్పాలి. తర్వాత ఎంత దిద్దుకున్నా అది ఏఐ తయారీ కిందే లెక్క. తానే రాసి, తప్పులు దిద్దుకోవడానికో ఆలోచన సాగడానికో ఏఐని వాడుకుంటే చెప్పనక్కర్లేదు. ఇక రెండోది, ఒక ఖాతా నుంచి రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి రాకూడదని. రోజుకు మూడంటే ఏడాదికి వెయ్యి దాటుతాయి. మనిషికి పెట్టిన హద్దు కాదిది. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. రచయిత చెప్పిన ఆ నిజం అమెజాన్ దగ్గరే ఉండిపోతుంది, కొనేవారికి పుస్తకం పేజీలో కనబడదు.

కాబట్టి గుర్తుపట్టే పని పాఠకుల మీద, మోడరేటర్ల మీద పడింది. ఈ మూడు నాలుగేళ్లలో వాళ్లు నేర్చుకున్నది చాలా ఉంది. అందులో గట్టిగా నిలిచే గుర్తులు మాత్రం ఎక్కువమంది అనుకునేచోట లేవు.

ఎక్కువమంది వాక్యాల్లో వెతుకుతారు. ఇంగ్లీషు నవలల్లో పొడుగు గీతలు ఎక్కువైతే అనుమానం, ‘డెల్వ్’, ‘టాపెస్ట్రీ’, ‘టెస్టమెంట్’ లాంటి మాటలు కనిపిస్తే అనుమానం, ప్రతిదీ మూడు మూడుగా చెబితే అనుమానం. ఇవి ఉత్తుత్తి గుర్తులేమీ కావు, యంత్రం వీటిని నిజంగానే అతిగా వాడుతుంది. కానీ యంత్రం వీటిని నేర్చుకున్నది మనుషుల రాతల్లోంచే. పొడుగు గీత ఇష్టపడే రచయితలు వందేళ్ల కిందటా ఉన్నారు. పైగా ఈ జాబితాలు బయటికి రాగానే, ఆ మాటలు వాడొద్దని యంత్రానికి ఒక్క ముక్క చెబితే సరిపోతుంది. అందుకే అనుభవమున్న మోడరేటర్లు వాక్యం దగ్గర మొదలుపెట్టరు. పుస్తకం బయట, రచయిత ఖాతా దగ్గర మొదలుపెడతారు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక పాఠకురాలికి కిండిల్‌లో కొత్త రచయిత ప్రేమనవల కనిపించింది. ముందు ఆమె రచయిత పేరు మీద నొక్కుతుంది. గత రెండు నెలల్లో పద్నాలుగు పుస్తకాలు. నాలుగు ప్రేమకథలు, ఒక వంటల పుస్తకం, షుగరు రోగులకు సలహాలు, పిల్లల బొమ్మల కథలు, ఒక డిటెక్టివ్ నవల. రచయిత పరిచయంలో ‘పాఠకుల మనసు దోచే కథలు అల్లుతారు, ప్రకృతి అంటే ఇష్టం’ అని ఉంది. ఊరు లేదు, పాత రచన లేదు, ఎక్కడా మాట్లాడిన జాడ లేదు. ఫొటోలో చెవిపోగులు ఒకదానికొకటి పోలవు. సమీక్షలు పుస్తకం వచ్చిన రెండు రోజుల్లోనే పన్నెండు, అన్నీ అయిదు నక్షత్రాలు, ఒక్కదానిలోనూ ఒక పాత్ర పేరు లేదు. ఇక ఆమె ఉచితంగా చదవనిచ్చే మొదటి పేజీలు తెరుస్తుంది. ఈ గుర్తుల్లో ఏ ఒక్కటీ చాలదు. కలం పేరుతో రాసేవాళ్లు ఊరు చెప్పకపోవచ్చు, స్నేహితులు మొదటి రోజే సమీక్ష రాయవచ్చు. కానీ అయిదారు ఒకే ఖాతాలో కలిసినప్పుడు, ముఖ్యంగా సంబంధం లేని విషయాల మీద పుస్తకాలు వరసగా వస్తున్నప్పుడు, ఆమె అనుమానానికి ఆధారం ఉన్నట్టే.

వేగం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదని తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ‘వేయిపడగలు’ అంతటి నవలను విశ్వనాథ సత్యనారాయణ 29 రోజుల్లో పూర్తి చేశారని చెబుతారు. వారపత్రికల కాలంలో ఒకేసారి రెండు మూడు సీరియళ్లు నడిపిన రచయితలూ మనకు ఉన్నారు. కానీ వాళ్ల వెనక సంపాదకులున్నారు, ఉత్తరాలు రాసే పాఠకులున్నారు, ఏళ్ల తరబడి పెరిగిన ఒక గొంతు ఉంది. ఖాతా తెరిచిన నెలలో ఎనిమిది రకాల పుస్తకాలు పెట్టినవాడికి అవేవీ లేవు.

పుస్తకం లోపల తిరుగులేని సాక్ష్యం ఒకటే, అది అరుదు. యంత్రంతో జరిపిన సంభాషణ పుస్తకంలోనే మిగిలిపోవడం. 2025లో ‘డార్క్‌హాలో అకాడమీ: ఇయర్ 2’ అనే ఊహాలోక ప్రేమనవల చదువుతున్నవాళ్లకు కథ మధ్యలో ఒక వాక్యం తగిలింది. ఈ భాగాన్ని జె. బ్రీ శైలికి దగ్గరగా తిరగరాశానని, ఉద్వేగం పెంచానని యంత్రం తన యజమానికి ఇచ్చిన జవాబు అది. జె. బ్రీ అదే రకం నవలలు రాస్తున్న, పాఠకాదరణ ఉన్న రచయిత్రి. పాఠకులు ఆ పేజీ ఫొటోలు తీసి పంచుకున్నారు. తర్వాత ఆ వాక్యాన్ని పుస్తకం నుంచి తీసేశారు. ఆ ఏడాదే మరికొన్ని ప్రేమనవలల్లోనూ ఇలాంటి ముక్కలు బయటపడ్డాయి. సాటి రచయిత్రి గొంతును అడిగి తెప్పించుకున్నారని ఆ ఒక్క వాక్యం చెప్పేసింది. పాఠకులకు యంత్రం మాట కన్నా ఎక్కువ మండింది అందుకే.

అలాంటి ముక్క దొరకని చోట చూడవలసింది కథకు జ్ఞాపకం ఉందా లేదా అన్నది.

దీనికి కారణం నవలను తయారు చేసే తీరులోనే ఉంది. ఒకే దెబ్బకు మూడు వందల పేజీలు రావు. ముందు కథాసారం రాయిస్తారు, దాన్ని ముప్పై అధ్యాయాలుగా విడగొట్టిస్తారు, ఒక్కో అధ్యాయం విడిగా అడుగుతారు. ప్రతిసారీ యంత్రానికి అందేది అంతకుముందు జరిగిన దాని సంక్షేపం, చివరి కొన్ని పేజీలు. సంక్షేపంలోకి ఎక్కని వివరం యంత్రానికి లేనట్టే. అందుకే రెండో అధ్యాయంలో ఎడమ చేతి మీద ఉన్న మచ్చ పన్నెండో అధ్యాయంలో కుడి చేతికి మారుతుంది. చనిపోయిన బాబాయి పెళ్లిలో కనిపిస్తాడు. నాయిక అనాథ అని తొమ్మిదోసారి కొత్తగా చెబుతారు. మనిషి రచయితకూ ఇలాంటి పొరపాట్లు వస్తాయి, సీరియల్ రచయితలకు మరీను. తేడా ఒకచోట తెలుస్తుంది. మనిషి వివరం మరిచిపోతాడు గానీ, పాఠకుడికి ముందే చెప్పిన సంగతిని ప్రతి అధ్యాయంలోనూ మొదటిసారి చెబుతున్నట్టు చెప్పడు. కిందటి వారం ఏడ్చిన పాత్ర ఈ వారం ఎలా ఉంటుందో అతని మనసులో మెదులుతూనే ఉంటుంది.

అధ్యాయాలు విడివిడిగా తయారైనందువల్ల కనిపించే ఇంకో గుర్తు ముగింపు. ప్రతి అధ్యాయమూ ఒక పూర్తి కథలా సర్దుకుంటుంది. గొడవ వచ్చిన పేజీలోనే తీరిపోతుంది, నాయిక ఏదో గ్రహిస్తుంది, రేపటి మీద ఆశతో అధ్యాయం ముగుస్తుంది. అలా ముప్పైసార్లు. పేర్లు కూడా పట్టిస్తాయి. ఇంగ్లీషు ఊహాలోక నవలల్లో ‘ఎలారా’ అనే పేరు, ఎక్కువసార్లు ‘ఎలారా వాస్’గా, ఒకరికొకరు తెలియని రచయితల పుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనిపించి పాఠకుల్లో పేరుమోసింది. సైన్స్ నవలల్లో ‘సారా చెన్’దీ అదే కథ. పేరు అడగకుండా పాత్రను అడిగితే యంత్రం మళ్లీ మళ్లీ చేరుకునే గూళ్లు అవి.

ఈ గుర్తులకూ కాలం ఉంటుంది. కొత్త యంత్రాలు ఒకేసారి చాలా ఎక్కువ పాఠాన్ని గుర్తుంచుకోగలవు. కాబట్టి మచ్చ చెయ్యి మారడం తగ్గుతుంది, పేర్లు మారతాయి. ఖాతా నడిచే తీరు అంత తొందరగా మారదు, ఎందుకంటే ఈ వ్యాపారం లాభసాటి కావాలంటే పుస్తకాల సంఖ్య ఎక్కువ ఉండాల్సిందే.

తెలుగు సంగతి కొంచెం వేరు. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లోకి అయిదు భారతీయ భాషలు తెచ్చింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు వాటిలో లేదు. అందువల్ల సొంతంగా రాసుకునే తెలుగు రచయితలు ఎక్కువగా ఆన్‌లైన్ కథావేదికల మీద పెరిగారు. 2014లో బెంగళూరులో మొదలైన ‘ప్రతిలిపి’ పన్నెండు భారతీయ భాషల్లో నడుస్తోంది, తెలుగులో దానికి పెద్ద పాఠకలోకం ఉంది. ఇలాంటి వేదికల మీద ధారావాహికలకు గిరాకీ ఎక్కువ. రోజూ ఒక భాగం పెడితేనే పాఠకులు నిలుస్తారన్న ఒత్తిడి రచయితల మీద ఉంటుంది, ఆ ఒత్తిడే యంత్రం వైపు చెయ్యి చాపిస్తుంది.

తెలుగులో యంత్రం రాసినదాన్ని పసిగట్టడానికి ఒక మంచి చోటు సంభాషణ. ఇంటి మనుషులు మాట్లాడుకునే తీరులో యంత్రం తడబడుతుంది. ఒక పేజీలో మామగారిని ‘మీరు’ అన్న కోడలు తర్వాతి పేజీలో ‘నువ్వు’ అంటుంది, మధ్యలో ఏమీ జరగదు. బావ, వదిన, మేనత్త, తోడికోడలు అనవలసిన చోట పేర్లు పెట్టి పిలుచుకుంటారు, లేదా ‘నా ప్రియమైన సోదరీ’ అంటారు. కథ కరీంనగర్‌లో జరిగినా కాకినాడలో జరిగినా అందరూ ఒకే పాఠ్యపుస్తకపు తెలుగు మాట్లాడతారు. ‘ఆమె ఒక లోతైన శ్వాస తీసుకుంది’, ‘అతని కళ్ళలో నిర్ణయం మెరిసింది’ లాంటి వాక్యాలు వెనక ఇంగ్లీషును దాచుకుని వస్తాయి. పల్లెటూరి కథలో పంట పేరు ఉండదు, ఏ నెలో తెలియదు, ‘పచ్చని పొలాలు’ మాత్రం ఉంటాయి. పెళ్లి జరుగుతుంది గానీ ఎవరింట్లో, ఎవరి తరఫున, కట్నం మాట ఎవరు ఎత్తారు అన్నది రాదు.

ఇక్కడా జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు నవలలు చదివి పెరిగి, ఇప్పుడే తెలుగులో రాయడం మొదలుపెట్టిన హైదరాబాద్ అమ్మాయి వాక్యాలూ ఇలాగే ఉండవచ్చు. అమెరికాలో పుట్టి పెరిగి, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగుతో రాసే కుర్రాడికి తోడికోడలు అన్న మాట తెలియకపోవచ్చు. వాళ్లను తప్పు పట్టడం మన భాషకే నష్టం. తేడా చూడాలంటే వివరాల దగ్గర చూడాలి. భాష తడబడే ఆ మనుషుల కథల్లో తాము చూసినది ఏదో ఒకటి ఉంటుంది: ఒక బస్సు నంబరు, ఒక హాస్టల్ మెస్సులో సాంబారు రుచి, నాన్నమ్మ తిట్టే తిట్టు. యంత్రం రాసినదాంట్లో వ్యాకరణం బాగానే ఉంటుంది, చూసినది మాత్రం ఉండదు.

యంత్ర రచనను పట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అని అడిగేవారికి ఒక లెక్క. చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే 2023 జనవరిలో అలాంటి ఒక పరికరాన్ని విడుదల చేసింది. కంపెనీ చెప్పిన ప్రకారమే అది యంత్ర రచనలో 26 శాతాన్ని పట్టుకునేది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని తప్పుగా యంత్ర రచన అనేది. ఒక వేదికకు వెయ్యి కథలు వచ్చాయనుకుందాం, అందులో 700 మనుషులవి, 300 యంత్రానివి. ఆ పరికరం 300లో 78 పట్టుకుంటుంది. 700 మందిలో 63 మంది మీద నింద వేస్తుంది. అంటే అది వేలెత్తి చూపిన 141 కథల్లో దాదాపు సగం నిర్దోషులవి. ఇంత తక్కువ కచ్చితత్వంతో లాభం లేదని అదే ఏడాది జూలైలో కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది.

అదే నెలలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల అధ్యయనం ‘ప్యాటర్న్స్’ పత్రికలో వచ్చింది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షలో రాసిన 91 వ్యాసాలను ఏడు పరికరాలకు ఇచ్చి చూశారు. సగటున 61 శాతం వ్యాసాలను అవి యంత్రం రాసినవన్నాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసినవాటిని మాత్రం దాదాపు సరిగ్గానే గుర్తించాయి. నేర్చుకున్న భాషలో రాసేవాళ్లు తెలిసిన మాటలు, ఊహించగల వాక్యాలు వాడతారు, పరికరాలు వెతికేది సరిగ్గా ఆ ఊహించగలగడాన్నే. ఇంగ్లీషులో రాసి కిండిల్‌లో పెట్టుకునే తెలుగువాళ్లు ఈ దెబ్బ తగిలే వరసలో ముందున్నవారే. కాబట్టి ఒక పరికరం ఇచ్చిన శాతం చూపించి రచయితను దొంగ అనడం న్యాయం కాదు.

మంచి మోడరేటర్లు పని చేసే తీరు ఇంకోలా ఉంటుంది. ఫిర్యాదు రాగానే ఖాతా ఎప్పుడు తెరిచారు, రోజుకు ఎన్ని అధ్యాయాలు, ఎన్ని రకాల కథలు అని చూస్తారు. పాఠంలో మిగిలిపోయిన నక్షత్రపు గుర్తులు, ‘తప్పకుండా, ఇదిగో తర్వాతి అధ్యాయం’ లాంటి ముక్కలు వెతుకుతారు. తర్వాత రచయితనే అడుగుతారు. చిత్తుప్రతి ఉందా, గూగుల్ డాక్స్ లాంటి చోట రాసి ఉంటే దిద్దుబాట్ల చరిత్ర చూపగలరా, ఆ పాత్ర అక్కడ అలా ఎందుకు చేసింది? రాసినవాడు తన కథ గురించి అడిగితే ఆగకుండా మాట్లాడతాడు. కొట్టేసిన అధ్యాయం గురించి కూడా చెబుతాడు. ఆ తర్వాతే నిర్ణయం.

నిషేధమే దారి అని అన్ని వేదికలూ అనుకోవడం లేదు. ధారావాహిక నవలలకు పేరున్న ‘రాయల్ రోడ్’లో ఏఐ రాసినదైతే ఒక గుర్తు, ఏఐ సాయంతో రాసినదైతే ఇంకో గుర్తు రచయిత పెట్టాలి, అది పాఠకుడికి కనబడుతుంది. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే అభిమానుల కథల భండారం ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’, యంత్రంతో రాయించడం ఒక్కటే నిబంధనలకు విరుద్ధం కాదని, కుప్పలుగా పోస్తే మాత్రం స్పామ్ కింద చూస్తామని 2023లో చెప్పింది. ఇంకో వైపు నుంచి, అమెరికా రచయితల సంఘం ‘ఆథర్స్ గిల్డ్’ 2025 జనవరిలో మనిషి రాసిన పుస్తకమని చెప్పుకునే ముద్రను తెచ్చింది. నిజంగా రాసినవాడే తాను మనిషినని చెప్పుకోవలసిన రోజు వచ్చిందన్నది బాధ కలిగించే విషయమే అయినా, పాఠకుడికి ఏదో ఒక ఆధారం దొరుకుతోంది.

వీటిలో రాయల్ రోడ్ పద్ధతి అన్నిటికన్నా నిజాయితీగా ఉంది. యంత్ర రచన చదవాలనుకునేవాళ్లు చదువుకోవచ్చు, వద్దనుకునేవాళ్లు తప్పుకోవచ్చు, డబ్బు పెట్టేముందు ఇద్దరికీ నిజం తెలుస్తుంది. తెలుగు కథావేదికలు కూడా ప్రతి కథ శీర్షిక కింద ఈ ఒక్క గుర్తును తప్పనిసరి చేయాలి. అబద్ధం చెప్పినవారి ఖాతా మూసేయాలి. అప్పటిదాకా పాఠకులు చేయగలిగింది ఉంది. అనుమానం వచ్చిన కథ గురించి వ్యాఖ్యల్లో రచయితను తిట్టకండి, అధ్యాయం సంఖ్య, మిగిలిపోయిన వాక్యం, ఖాతా నుంచి వచ్చిన పుస్తకాల తేదీలు రాసి వేదికకే ఫిర్యాదు పంపండి. నచ్చిన కొత్త రచయిత కనబడితే, ఆ కథలో ఏ పాత్ర, ఏ సన్నివేశం మీ మనసులో నిలిచిందో పేర్లతో సహా రెండు వాక్యాల సమీక్ష రాయండి.